ఫొటోను చిన్నది చేస్తే పదును ఎందుకు మారుతుంది?

ఫోన్‌లో తీసిన ఒక ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుందాం. వెబ్‌సైట్‌లో పెట్టడానికి దాన్ని 1000, 750కి తగ్గించాలి. అంటే పాత ఫొటోలో అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం 16 పిక్సెళ్లు ఉన్న చోట కొత్త ఫొటోలో ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కదానికి ఏ రంగు ఇవ్వాలో లెక్కగట్టే పద్ధతినే ఫిల్టర్ అంటారు. ఒకే ఫొటోను రెండు ఫిల్టర్లతో తగ్గిస్తే ఒకటి పదునుగా, మరొకటి మెత్తగా రావడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

అన్నిటికన్నా తేలికైన పద్ధతి, 16లో ఒకదాన్ని ఉంచుకుని మిగతా 15 పారేయడం. దీన్ని నియరెస్ట్ నైబర్ అంటారు. ఫొటోలో సన్న గీతల చీర ఉంటే దీని నష్టం వెంటనే తెలుస్తుంది. గీతలు మూడేసి పిక్సెళ్లకు ఒకటి చొప్పున ఉన్నాయనుకోండి. మనం నాలుగేసి పిక్సెళ్లకు ఒకటి ఏరుతున్నాం కాబట్టి, గీత మీద పడ్డ తర్వాత మళ్లీ గీత మీద పడేది పన్నెండో పిక్సెల్ దగ్గరే. దాంతో అసలు గీతలు మాయమై, వాటికి నాలుగింతల ఎడంతో లేని గీతలు పుట్టుకొస్తాయి. అంత సన్నని గీతలు చిన్న ఫొటోలో ఎలాగూ పట్టవు. అక్కడ సమంగా కలిసిన రంగు కనబడటమే సరైన ఫలితం.

అందుకే పిక్సెళ్లను కలపాలి. 16 పిక్సెళ్ల సగటు తీసేది బాక్స్ ఫిల్టర్. లేని గీతలు చాలావరకు తగ్గుతాయి గానీ అంచులు కాస్త మెత్తబడతాయి. బైక్యూబిక్, లాంచోస్ ఇంకా దూరం చూస్తాయి. మన ఉదాహరణలో బైక్యూబిక్ ఒక్కో కొత్త పిక్సెల్ కోసం 16 వరసలు, 16 నిలువు వరసల మేర పాత పిక్సెళ్లను లెక్కలోకి తీసుకుంటుంది. ఎక్కువగా వాడే లాంచోస్-3 అయితే 24 చొప్పున తీసుకుంటుంది. హంగరీలో పుట్టిన గణిత శాస్త్రవేత్త కొర్నేలియస్ లాంచోస్ పేరే దీనికి పెట్టారు.

అసలు కీలకం దూరంలో కాదు, గుర్తులో ఉంది. మధ్యలో ఉన్న పిక్సెళ్లను ఈ ఫిల్టర్లు కలుపుతాయి. కాస్త ఎడంగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా తీసేస్తాయి. ముదురు గోడ (విలువ 50) పక్కన లేత ఆకాశం (విలువ 200) ఉందనుకుందాం. అంచుకు ఒక కొత్త పిక్సెల్ దూరంలో ఆకాశపు విలువ లెక్కించేటప్పుడు, తీసివేత వాటా గోడ మీద పడుతుంది. గోడ ముదురు కాబట్టి తీసివేసేది తక్కువ, ఫలితం 200 దాటుతుంది. సాధారణ బైక్యూబిక్‌లో అది సుమారు 206, లాంచోస్-3లో సుమారు 211. గోడవైపు అదే లెక్క తిరగబడి 44, 39 దాకా దిగుతుంది. బాక్స్‌లో మాత్రం 200 దాటదు, 50 కిందికి పోదు.

మన కంటికి పదునుగా అనిపించేదానిలో ఎక్కువ భాగం ఈ తేడాయే. లాంచోస్ సన్న వివరాలను బాక్స్ కన్నా బాగా నిలుపుతుంది, నిజమే. కానీ అంచు దగ్గర కనిపించే మెరుపు ఫొటోలో ముందు నుంచీ ఉన్నది కాదు. అది ఎక్కువైతే కరెంటు తీగల పక్కన, భవనాల అంచుల వెంట లేత గీతలా బయటపడుతుంది.

పేరు చూసి మోసపోయే చోటు ఒకటుంది. పైన చెప్పిన లెక్క, తగ్గించేకొద్దీ ఫిల్టర్ చూపు వెడల్పయ్యే ప్రోగ్రాములది. పైథాన్‌లో వాడే `Pillow` అలాగే చేస్తుంది. `OpenCV`లోని `INTER_CUBIC` మాత్రం ఎంత తగ్గించినా 16 పాత పిక్సెళ్లనే చూస్తుంది. ఎనిమిదింతలు తగ్గిస్తే ఒక్కో కొత్త పిక్సెల్ కింద 64 పాత పిక్సెళ్లుంటాయి. వాటిలో చాలావాటిని అది చూడనే చూడదు, చీర మీద మళ్లీ లేని గీతలు వస్తాయి. అక్కడ తగ్గించడానికి `INTER_AREA` ఎంచుకోవాలి.

ఇక ఎంపిక. ఆకులు, నేత, జుట్టు నిండిన ఫొటోకు లాంచోస్ బాగుంటుంది. సాదా ఆకాశం మీద గట్టి అంచులుంటే, స్కాన్ చేసిన అక్షరాలుంటే బైక్యూబిక్ మేలు. చీకట్లో తీసి గరుకుగా ఉన్న ఫొటోకు బాక్స్ చాలు. లాంచోస్ వాడాక విడిగా షార్పెన్ చేయాలంటే ముందు ఫలితాన్ని చూడండి. ఫొటోషాప్‌లోని `Bicubic Sharper` కూడా పదును కలిపే ఇస్తుంది.

ఫలితాన్ని తెర మీద 100 శాతం సైజులోనే చూడాలి, లేకపోతే తెర మళ్లీ తగ్గించి చూపిస్తుంది. సన్న నేతలో లేని గీతలు, గట్టి అంచు పక్కన లేత గీత, ఈ రెండూ వెతకండి. నచ్చకపోతే తగ్గించిన ఫొటోను మళ్లీ తగ్గించకుండా, అసలు ఫొటో నుంచే ఇంకో ఫిల్టర్‌తో చేయండి. ఒకసారి పడ్డ అంచు మెరుపు తర్వాతి లెక్కలో నిజమైన వివరంగానే చేరి మరింత పెరుగుతుంది.