గుండెను బిగించినది పెంకా, కండరమా?

పొట్ట నీటితో ఉబ్బి, కాళ్లు వాచి, ఆకలి నశించిన రోగిని చూడగానే ఎవరి దృష్టి అయినా ముందుగా కాలేయం మీదికే పోతుంది. ఆ అనుమానం సరైనదా కాదా అని తేల్చే తొలి ఆధారం మాత్రం పొట్టలో కాక మెడలో ఉంటుంది. కాలేయం చెడి జలోదరం వచ్చినవారిలో మెడ సిరలు సాధారణంగా ఉబ్బి ఉండవు. ఉబ్బి కనిపిస్తే, రక్తానికి అడ్డంకి గుండె దగ్గరే ఉన్నదని భావించాలి. 1896లో ఫ్రీడెల్ పిక్ అనే వైద్యుడు వర్ణించినది ఈ మారువేషాన్నే. కాలేయ వ్యాధి వలె కనిపించిన ఆ స్థితికి మూలం గుండెను కప్పి ఉన్న పొరలో ఉన్నది.

మెడలో కుడివైపున ఉన్న కంఠసిర ఒక సహజమైన పీడనమాపకం. అది దాదాపు తిన్నగా గుండె కుడి కర్ణికలోకి దిగుతుంది. కర్ణికలో పీడనం ఎంత ఉంటే, సిరలో రక్తపు మట్టం అంత ఎత్తుకు లేస్తుంది. ఆరోగ్యవంతునిలో ఆ పీడనం సుమారు 5 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 7 సెంటీమీటర్ల ఎత్తు రక్తం. కూర్చున్న మనిషిలో ఆ మట్టం ఎముకల చాటునే ఉండిపోతుంది. పీడనం 20కి పెరిగితే మట్టం 27 సెంటీమీటర్లకు ఎగబాకి, చెవి తమ్మెను సమీపిస్తుంది. అటువంటి రోగిని పడుకోబెట్టి చూస్తే సిర మొత్తం నిండిపోయి, మట్టం ఎక్కడ ముగిసిందో తెలియదు. అందుకే అతన్ని నిటారుగా కూర్చోబెట్టి మెడను పరీక్షించాలి.

పీడనం అంతగా పెరగడానికి కారణం గుండె నిండలేకపోవడం. ఆరోగ్యమైన జఠరిక సంకోచించిన తరువాత సడలి, కొద్దిపాటి ఒత్తిడితోనే రక్తాన్ని లోనికి తీసుకుంటుంది. రెండు వేర్వేరు వ్యాధులు ఈ సౌలభ్యాన్ని హరిస్తాయి. మొదటిది కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్. గుండెను చుట్టి ఉండే పల్చని సంచి క్షయవంటి వ్యాధుల అనంతరం మందమై, గుండెకు అంటుకుని, కొన్నిసార్లు సున్నం పేరుకుని పెంకులా బిగుస్తుంది. లోపలి కండరం బాగానే ఉన్నా అది విచ్చుకోవడానికి చోటుండదు. రెండవది రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతి. ఇక్కడ సంచి మామూలుగానే ఉంటుంది, కండరమే బిరుసెక్కుతుంది. అమిలాయిడ్ అనే అసహజ ప్రోటీన్ పేరుకోవడం ఒక కారణం. గుండె లోపలి పొర మచ్చకట్టే మరొక రకాన్ని 1948లో ఉగాండాలో డేవిస్ వర్ణించాడు. అదే వ్యాధి ఒకప్పుడు కేరళ తీరంలో తరచుగా కనిపించేది.

కారణం ఏదైనా ఫలితం ఒకటే. సడలిన తొలి క్షణంలో రక్తం వేగంగా లోనికి దూకుతుంది. వెంటనే గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. మెడ సిర ఒక్కసారి కుంగి, మళ్లీ ఉబ్బడం ఈ గమనానికి ప్రతిబింబమే. లోనికి పోలేని రక్తం వెనుకకు తన్ని మెడలోను, కాలేయంలోను, కాళ్లలోను నిలుస్తుంది. ముందుకు పోయే రక్తం తగ్గినందువల్ల మూత్రపిండాలు ఉప్పును, నీటిని పట్టి ఉంచి ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి. శ్వాస పీల్చినప్పుడు తగ్గవలసిన మెడ సిర పెరగడాన్ని 1873లో కుస్‌మాల్ గుర్తించాడు. అయితే ఆ లక్షణం రెండు వ్యాధులలోను కనిపించవచ్చు గనుక దానితో తీర్పు చెప్పలేము.

తీర్పు చెప్పేది మరొక విధంగా శ్వాసే. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలోని పీడనం తగ్గుతుంది. ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరలలో కూడా తగ్గుతుంది. పెంకులో చిక్కిన గుండెకు మాత్రం ఆ తగ్గుదల పూర్తిగా చేరదు. దానితో ఎడమ జఠరికలోకి రక్తాన్ని నెట్టే తేడా సన్నగిల్లి, అక్కడ నిండేది తగ్గిపోతుంది. పెంకు లోపల ఉన్న చోటు పరిమితం. ఎడమవైపు ఖాళీ అయిన జాగాలోకి నడిమి గోడ జరిగి, కుడివైపు ఎక్కువగా నిండుతుంది. ఊపిరి వదిలినప్పుడు ఇది తారుమారవుతుంది. ఒకే గదిలో ఇద్దరు ఇరుక్కున్నట్లు, ఒకరు వెనుకకు తగ్గితే గాని మరొకరు కదలలేరు. కండరం బిరుసెక్కిన గుండెలో ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. అక్కడ ఉమ్మడి పెంకు లేదు. శ్వాసతో రెండు జఠరికలూ ఒకే దిశలో మారతాయి.

దీని విలువ తెలియడానికి ఒక రోగిని ఊహించవచ్చు. అతనికి 38 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం క్షయకు చికిత్స పొందాడు. ఏడాదిగా కాలేయ వ్యాధి అనే భావనతో పొట్టలోని నీటిని రెండుసార్లు తీశారు. కూర్చున్నప్పుడు మెడ సిర దవడ దాకా నిండి ఉన్నది. ఎకో పరీక్షలో గుండె సంకోచం చక్కగా ఉంది. కండరం సడలే వేగం సెకనుకు 12 సెంటీమీటర్లు. బిరుసెక్కిన కండరంలో అది సాధారణంగా 8 లోపే ఉంటుంది. ఊపిరి పీల్చగానే ఎడమవైపు రక్తప్రవాహ వేగం 30 శాతానికి పైగా పడిపోయింది. గుండెలోనికి గొట్టాలు పంపి కొలిచినప్పుడు, నిండే దశ చివర రెండు జఠరికల పీడనమూ 22 దగ్గర సమానమైంది. ఊపిరి పీల్చినప్పుడు ఎడమ జఠరిక గరిష్ఠ పీడనం 110 నుంచి 98కి దిగగా, కుడి జఠరికది 38 నుంచి 45కి లేచింది. ఒకటి దిగుతూ ఉంటే మరొకటి లేవడమే పెంకుకు సాక్ష్యం. అవి రెండూ కలిసి దిగి, సడలే వేగం కూడా 4 మాత్రమే అయి ఉంటే అనుమానం కండరం మీదికి మళ్లేది.

ఈ రోగికి శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఛాతీ ఎముకను చీల్చి, శ్వాసకు తోడ్పడే ఉదరవితానపు నాడులకు హాని కలగకుండా, ఒకవైపు నాడి నుంచి రెండవవైపు నాడి వరకు, గుండె అడుగుభాగంలోను పొరను ఒలిచివేస్తారు. కొంత భాగం మిగిలిపోతే బిగింపు కూడా మిగులుతుంది. ఇది ప్రమాదం లేని ఆపరేషన్ కాదు. ఏళ్ల తరబడి పెంకులో నలిగిన కండరం క్షీణించి ఉంటే ఫలితం కూడా తగ్గుతుంది. వ్యాధి కండరంలోనే ఉన్నవాడికి ఇదే శస్త్రచికిత్స చేస్తే కోత బాధే గాని మేలు ఉండదు. అతనికి కావలసింది ఆ బిరుసుకు మూలమేమిటో వెదకి, దానికి తగిన మందులివ్వడం.

పరీక్షలకూ పరిమితులున్నాయి. మామూలుగా 2 మిల్లీమీటర్లను మించని ఆ పొర, శస్త్రచికిత్సలో రుజువైన రోగులలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మందంగా కనబడదు. కాబట్టి స్కాన్‌లో పల్చగా ఉన్నంత మాత్రాన పెంకు లేదనలేము. మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడినవారిలో పీడనం పడిపోయి లక్షణాలు దాగిపోవచ్చు. సిరలోకి కొంత సెలైన్ ఎక్కించాక అవి బయటపడతాయి. ఛాతీకి రేడియేషన్ చికిత్స పొందినవారిలో పొర, కండరం రెండూ చెడి ఉండవచ్చు. ఇక వాపు తాజాగా ఉన్న దశలో బిగింపు కొన్ని వారాల, నెలల మందులతోనే వదలవచ్చు గనుక కత్తి పట్టడానికి ముందు ఆ అవకాశాన్నీ పరిశీలిస్తారు.

ఇన్ని యంత్రాల వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: ఊపిరి పీల్చినప్పుడు రెండు జఠరికలు చోటుకోసం పెనుగులాడుతున్నాయా, లేక కలిసి నడుస్తున్నాయా? దాన్ని అడగవలసిన అవసరం ఉన్నదని మొదట చెప్పేది మాత్రం, రోగి కూర్చున్నప్పుడు చెవి దాకా ఎగబాకిన మెడ సిర.