పాత ఆట కొత్త విండోస్‌లో ఎక్కడ ఆగుతోంది?

‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ 1999లో వచ్చింది. తయారుచేసింది ఎన్సెంబుల్ స్టూడియోస్, అమ్మింది సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్. అలాంటి ఆట మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌లోనే మొరాయించడం విడ్డూరమే. విండోస్ 7 వచ్చాక అందులోని పచ్చిక, నీళ్లు ఎరుపు, ఊదా రంగుల్లోకి తిరిగిపోయేవి. తర్వాతి కంప్యూటర్లు కొన్నింటిలో అసలు బొమ్మే రాదు. `Could not initialize graphics system` అని ఒక పెట్టె కనిపించి ఆట మూతపడుతుంది.

తప్పు ఆటదీ కాదు, డిస్కుదీ కాదు. ఆ ఆట 256 రంగులతోనే బొమ్మ గీస్తుంది. తెరమీది ప్రతి చుక్కకూ 0 నుంచి 255 లోపు ఒక అంకె రాసుకుంటుంది. ఏ అంకెకు ఏ రంగో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. విండోస్ 98 రోజుల్లో ఫుల్‌స్క్రీన్ ఆట ఆ పట్టికను తన గుప్పిట్లో పెట్టుకునేది. విండోస్ 7లో డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ కూడా అందులో వేలు పెట్టడంతో అంకెలు అవే ఉన్నా రంగులు తారుమారయ్యాయి. టాస్క్ మేనేజర్‌లో `explorer.exe`ను ఆపేసి ఆట మొదలుపెట్టడం అప్పట్లో బాగా ప్రచారమైన చిట్కా. మొరటుదే గానీ పనిచేసేది. విండోస్ 8 నుంచి 256 రంగుల తెర అసలుకే లేదు, విండోస్ దాన్ని నటించి చూపిస్తుందంతే.

చాలామంది చెయ్యి ముందుగా వెళ్లేది కంపాటిబిలిటీ మోడ్ మీదకే. ఆట ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, `Properties`లో `Compatibility` తెరిచి, విండోస్ 98ని ఎంచుకుంటారు. దాంతో పాత విండోస్ తిరిగొచ్చిందనుకుంటారు. అదేమీ రాదు. ‘నువ్వు ఏ విండోస్?’ అని ఆట అడిగితే కొత్త విండోస్ ‘98’ అని బొంకుతుంది, ఇంకొన్ని పాత అలవాట్లు నటిస్తుంది. వెర్షన్ చూసి ఆగిపోయే ఆటకు ఆ బొంకు చాలు. అక్కడే `Reduced color mode` అనే గడి కూడా ఉంది, అదీ ఓసారి చూడొచ్చు. అయినా అదే చోట అదే తప్పు వస్తుంటే విండోస్ 95 నుంచి విస్టా దాకా ఒక్కొక్కటీ మార్చి చూడటం కాలక్షేపమే.

బొమ్మ దగ్గర ఆగిన ఆటకు సరైన దారి ర్యాపర్ లైబ్రరీ. బొమ్మ గీయడానికి ఆట `ddraw.dll` అనే ఫైలును పిలుస్తుంది. విండోస్ దాన్ని ముందు ఆట ఫైలు ఉన్న ఫోల్డర్‌లో వెతికి, అక్కడ లేకపోతేనే సిస్టమ్ ఫోల్డర్‌కు వెళ్తుంది. ర్యాపర్ కిటుకంతా ఇక్కడే ఉంది. అదే పేరుతో మరో ఫైలును ఆట పక్కన పెడితే, అది పాత ఆదేశాలను అందుకుని ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుకు తెలిసిన ఆదేశాలుగా మార్చి పంపుతుంది. రంగుల పట్టికను కూడా అదే చూసుకుంటుంది.

‘కమాండ్ అండ్ కాంకర్’ ఆటల కోసం పుట్టిన cnc-ddraw ఈ ఆటకూ సరిపోతుంది. ముందుగా కంపాటిబిలిటీ గడులన్నీ తీసేయాలి, లేదంటే ఏది పనిచేస్తోందో తెలియదు. తర్వాత జిప్‌లోని ఫైళ్లను ఆట ఫైలు పక్కనే పెట్టాలి. 2000లో వచ్చిన ‘కాంకరర్స్’ విస్తరణకు అసలు ఫైలు `age2_x1` అనే లోపలి ఫోల్డర్‌లో ఉంటుంది. బయటి ఫోల్డర్‌లో పెడితే ఏ మార్పూ కనిపించదు. ఆకారం సాగిపోకుండా తెర నిండాలంటే `ddraw.ini`లో ఈ మూడు వరుసలు ఉండాలి:

```
windowed=true
fullscreen=true
maintas=true
```

3డి ఆటలకు dgVoodoo2 మేలు. 3డీఎఫ్‌ఎక్స్ కార్డుల కోసం రాసిన ఆటలను కూడా అది నడిపిస్తుంది. విండోస్ 64 బిట్‌ది కదా అని అందులోని 64 బిట్ ఫైలు తీసుకోకూడదు. ఆ కాలపు ఆటలు 32 బిట్‌వి, వాటికి `x86` ఫోల్డర్‌లోనివే కావాలి. వాటర్‌మార్క్ ఆన్ చేస్తే తెర మూలన దాని గుర్తు కనిపిస్తుంది. కనిపించలేదంటే ఆట ఇంకా విండోస్ ఫైలునే వాడుతోందన్నమాట. ఇలాంటి ఫైళ్లను రాసినవారి సొంత పేజీ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దించుకోకపోవడం మంచిది.

వర్చువల్ మెషిన్ వంతు ఆఖరున. విండోస్ పూర్తిగా వదిలేసిన వాటికే అది అవసరం. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ `secdrv.sys` అనే డ్రైవర్ మీద ఆధారపడేది. భద్రతా లోపాల వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని విండోస్ 10లో చేర్చనే లేదు. అలాంటి డిస్కు ఎక్స్‌పీ ఉన్న వర్చువల్ మెషిన్‌ను కోరుతుంది. 16 బిట్ ఇన్‌స్టాలర్లు కూడా 64 బిట్ విండోస్‌లో కదలవు. ఇక్కడ ఒక అడ్డదారి ఉంది. ఇన్‌స్టాలర్ 16 బిట్‌దైనా ఆట తరచూ 32 బిట్‌దే అయి ఉంటుంది. వర్చువల్ మెషిన్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫోల్డర్‌ను బయటికి తెచ్చి, ర్యాపర్‌తో నడిపి చూడొచ్చు. రిజిస్ట్రీలో తన వివరాలు వెతుక్కునే ఆట మాత్రం ఇలా లొంగదు.

లోపలే ఆడాలంటే మాత్రం 3డి దగ్గర చిక్కు వస్తుంది. 98, ఎక్స్‌పీలకు గ్రాఫిక్స్ కార్డు బలాన్ని అందించడం ఇప్పటి వర్చువల్ మెషిన్లకు అంతగా చేతకాదు. పైగా ఆ పాత విండోస్‌కు లైసెన్సు ఉన్న కాపీ సొంతంగా ఉండాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ఆపేసింది కాబట్టి, ఆట మొదలయ్యేలోపే ఆ మెషిన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ను ఆపేయాలి.