లోకం అబద్ధం కాదన్న ఆచార్యుడు

ధనుర్మాసం రాగానే తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాతం ఆగిపోతుంది. ఆ నెలంతా స్వామికి మేలుకొలుపు తిరుప్పావై. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి తమిళంలో పాడిన 30 పాశురాలవి. ఆ రోజుల్లోనే ముక్కోటి ఏకాదశికి అటూ ఇటూ భద్రాచలంలో పగల్‌పత్తు, రాపత్తు ఉత్సవాలు సాగుతాయి. తెలుగునాట చాలా వైష్ణవాలయాల్లో అర్చకస్వాములు తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం చేతబట్టి అవే పాశురాలు అనుసంధిస్తారు. గర్భాలయంలో సంస్కృత మంత్రాలకు ఉన్న స్థానమే ఒక దేశభాషలోని పాటలకూ దక్కడం చిన్న సంగతి కాదు. అది ఎలా జరిగిందో తెలియాలంటే శ్రీరంగం వెళ్లాలి. ఆ పాటలను పాడించినవాళ్లు లోకాన్ని ఏ కళ్లతో చూశారో కూడా తెలుసుకోవాలి.

ఆ పాటలు కట్టినవారు పన్నిద్దరు ఆళ్వార్లు. స్థూలంగా 6వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం వరకు తమిళదేశంలో వేర్వేరు చోట్ల జీవించారు. అందరూ ఒక కులంవాళ్లు కారు. అందరిలోకీ పెద్దపీట దక్కిన నమ్మాళ్వార్ వేళాళ కుటుంబంలో, అంటే వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టారు. తిరుప్పాణాళ్వార్ గుడి గడప తొక్కే అర్హత లేదని ఆనాటి సమాజం దూరంగా నిలిపిన పాణర్ కులంవారు. ఊరూరా తిరిగి ఆ ఊరి పెరుమాళ్లను పేరుపెట్టి పిలుస్తూ పాడారు కాబట్టే, వాళ్లు పాడిన క్షేత్రాలు 108 దివ్యదేశాలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల, అహోబిలం అందులోవే.

పాటలైతే పుట్టాయి గాని నిలవలేదు. 10వ శతాబ్దం నాటికి చాలావరకు మరుగున పడిపోయాయని సంప్రదాయం చెబుతుంది. వీరనారాయణపురంలో, అంటే నేటి కాట్టుమన్నార్‌కోయిల్‌లో, నాథముని అనే పండితుడు ఉండేవారు. గుడికి వచ్చిన యాత్రికులు పది పాశురాలు పాడగా విన్నారు. చివర్లో అవి వెయ్యింటిలో పది అని ఉంది. మిగతావి ఏవని అడిగితే వాళ్లకు తెలియదు. ఆయన నమ్మాళ్వార్ పుట్టిన కురుగూరుకు వెళ్లి, నమ్మాళ్వార్ మీద మధురకవి చెప్పిన చిన్న ప్రబంధాన్ని 12,000 సార్లు జపించారని, అప్పుడు నమ్మాళ్వార్ ప్రత్యక్షమై నాలుగు వేల పాశురాలూ ఇచ్చారని గురుపరంపర కథ. కథ సంగతి ఎలా ఉన్నా, నాథముని చేసిన పని మాత్రం నేటికీ చెవులకు వినిపిస్తోంది. ఆయన వాటిని నాలాయిర దివ్యప్రబంధంగా కూర్చి, ఇద్దరు మేనల్లుళ్లకు రాగతాళాలతో నేర్పి, గుడిలో పాడే ఏర్పాటు చేశారు. శ్రీరంగంలో ఈనాటికీ అభినయంతో పాశురాలు పాడే అరయర్లు తమ విద్యకు మూలపురుషులుగా వీరినే చెప్పుకుంటారు.

నాథముని మనుమడు యామునాచార్యులు. ఆయన తర్వాత శ్రీరంగంలో ఆచార్యపీఠం ఎక్కినవారు రామానుజులు. శ్రీపెరుంబుదూరులో జననం, 1017 నుంచి 1137 వరకు 120 ఏళ్ల జీవితం అని సంప్రదాయం లెక్క. ఆయనలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకరు బ్రహ్మసూత్రాలకు శ్రీభాష్యం రాసిన కఠినమైన తార్కికుడు. ఇంకొకరు శ్రీరంగం గుడిలో వంటశాల మొదలుకొని పూలమాలల దాకా ఎవరి కైంకర్యం ఏమిటో విభజించి పెట్టిన నిర్వాహకుడు. ఈ రెండు పనులూ ఒకటే పని అని గ్రహిస్తే విశిష్టాద్వైతం సగం అర్థమైనట్టే.

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఉపనిషత్తులు ఒకచోట ఉన్నది బ్రహ్మం ఒక్కటే అంటాయి. మరోచోట జీవుడు వేరు, ఈశ్వరుడు వేరు అన్నట్టు మాట్లాడతాయి. శంకరుల అద్వైతం మొదటి మాటనే పరమార్థంగా తీసుకుంది. రెండోది వ్యవహార దశలో చెల్లే మాట అంది. అలాంటప్పుడు భక్తుడు, భగవంతుడు, వాళ్ల మధ్య నడిచే పూజ, ఇవన్నీ జ్ఞానం కలిగేదాకా నిలిచే మెట్లు మాత్రమే అవుతాయి. రామానుజులు దీనికి ఒప్పుకోలేదు. వేదంలో ఒక మాట నిజం, ఒక మాట తాత్కాలికం అని విడదీయడం ఆయనకు నచ్చలేదు. రెండూ నిజమయ్యే దారి కోసం వెతికితే ఆయనకు బృహదారణ్యకంలో అంతర్యామి ప్రకరణం దొరికింది. భూమి, నీరు, నిప్పు మొదలుకొని ఒక్కొక్కదాన్నీ పరమాత్మకు శరీరంగా, పరమాత్మను వాటి లోపల ఉండి నడిపేవాడిగా చెప్పే భాగం అది. ఆయన సిద్ధాంతమంతా ఆ ఒక్క సంబంధం మీద నిలబడింది. జీవులూ జడప్రపంచమూ కలిసి భగవంతుడి శరీరం. ఆయన వాటికి ఆత్మ.

ఇక్కడ శరీరం అంటే కాళ్లూ చేతులూ ఉన్నదని కాదు. ఇంద్రియాలకు ఆధారమైనదే శరీరమని తార్కికులు ఇచ్చిన నిర్వచనాన్ని ఆయన శ్రీభాష్యంలో పరీక్షించి కొట్టేశారు. రాయిగా మారిన అహల్యకు కదలిక లేదు గదా, అయినా అది ఆమె శరీరమే గదా అని అడిగారు. ఆయన తేల్చింది వేరు. చైతన్యం ఉన్న ఒకరు ఏ వస్తువును తన ప్రయోజనం కోసం పూర్తిగా నడపగలరో, నిలిపి ఉంచగలరో, ఏది కేవలం వారి కోసమే ఉంటుందో అది వారి శరీరం. ఆత్మ వెళ్లిపోయిన మరుక్షణం నుంచి దేహం శిథిలమవడం మొదలవుతుంది. దాన్ని ఇంకా దేహమంటున్నామంటే పాత అలవాటుకొద్దీ అంటున్నామంతే. అలాగే భగవంతుణ్ణి విడిచి లోకానికి వేరే ఉనికి లేదు. విడదీయలేరు, కానీ రెండూ ఒకటి కావు. దీన్నే అపృథక్సిద్ధి అంటారు. చేతనాలూ అచేతనాలూ విశేషణాలుగా ఉన్న బ్రహ్మం ఒక్కటే అన్నది విశిష్టాద్వైతం.

తత్త్వమసి అనే మహావాక్యానికి ఆయన చెప్పిన అర్థం చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మనం రోజూ మాట్లాడే తీరే ఇందుకు ఆధారం. ‘నేను లావయ్యాను’ అంటాం, ‘నాకు లెక్క అర్థమైంది’ అని కూడా అంటాం. లావయ్యేది ఒళ్లు, అర్థం చేసుకునేది లోపలివాడు. అయినా ఒకే ‘నేను’ రెంటికీ సరిపోతుంది. శరీరాన్ని చెప్పే మాట అక్కడితో ఆగకుండా దాని ఆత్మ దాకా వెళుతుంది కాబట్టి ఇది తప్పు ప్రయోగం కాదు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుతో నువ్వు అన్నప్పుడూ ఇదే జరిగిందంటారు రామానుజులు. ఆ మాట శ్వేతకేతువు దేహంతో ఆగలేదు, అతడి జీవుడితోనూ ఆగలేదు. ఆ జీవుణ్ణి శరీరంగా ధరించిన పరమాత్మ దాకా వెళ్లింది. ‘అది’ అన్న మాట జగత్తుకు కారణమైన బ్రహ్మాన్ని చెబుతుంది. రెండు మాటలు రెండు రూపాల్లో ఒక్కడినే చూపిస్తున్నాయి. శ్వేతకేతువు కరిగిపోనక్కర్లేదు, వాక్యమూ అబద్ధం కానక్కర్లేదు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. లోకం దేవుడి ఒళ్లయితే లోకంలోని రోగం, పాపం, దుఃఖం ఆయనకూ తగలాలి గదా? కాలికి ముల్లు గుచ్చుకుంటే నొచ్చేది మనకే. రామానుజులు రెండు భాగాలుగా జవాబిచ్చారు. బాల్యం, ముసలితనం దేహానికే గాని ఆత్మకు రావు. కాబట్టి లోకంలో వచ్చే మార్పులు పరమాత్మను మార్చవు. ఇక దుఃఖమంటారా, శరీరం ఉన్నంత మాత్రాన అది రాదు, కర్మకు లోబడి శరీరం ధరించినందువల్ల వస్తుంది. ఆయన ఏ కర్మకూ లోబడినవాడు కాడు. ఈ సమాధానంతో ప్రతిపక్షులు తృప్తిపడలేదు, వాదం శతాబ్దాలు నడిచింది. సిద్ధాంతంలో అతి సున్నితమైన చోటు ఇదే.

లోకం నిజమైతే గుడిలో జరిగేది కూడా నిజమే. ఇక్కడే తత్త్వవేత్త, నిర్వాహకుడు ఒకరవుతారు. అర్చామూర్తి మనసు నిలుపుకోవడానికి పెట్టుకున్న గుర్తు కాదు, స్వామి స్వయంగా దిగివచ్చిన రూపమని ఈ సంప్రదాయం నమ్ముతుంది. స్నానానికీ నైవేద్యానికీ కూడా అర్చకుడి మీద ఆధారపడేంత సులభుడై ఆయన అక్కడ ఉన్నాడని ఆచార్యులు పరవశించి చెబుతారు. అందుకే తిరుమలలో పూలతోట వేసి స్వామికి మాలలు కట్టేవారెవరని రామానుజులు శిష్యులను అడిగారు. అనంతాళ్వార్ ముందుకొచ్చి కొండ మీద తోట పెంచి, చెరువు తవ్వారు. ఆ చెరువు తవ్విందని చెప్పే గునపాన్ని నేటికీ మహాద్వారం దగ్గర చూడవచ్చు. భాష్యం చదవడానికి అర్హత కావాలి. తోటకు నీళ్లు పోయడానికి శ్రద్ధ చాలు. రెండూ కైంకర్యమే అన్నప్పుడు గుడి ఎంతోమందికి దగ్గరైంది.

పాటల విషయంలోనూ అంతే. రామానుజులు తన గ్రంథాలన్నీ సంస్కృతంలోనే రాశారు. కానీ నమ్మాళ్వార్ తిరువాయ్‌మొళికి తొలి వ్యాఖ్యానాన్ని శిష్యుడు తిరుక్కురుగైప్పిరాన్ పిళ్లాన్ చేత రాయించారు. సంస్కృత వేదాంతం, తమిళ ప్రబంధం రెండూ ప్రమాణమేనన్న ఉభయవేదాంతం అలా స్థిరపడింది. శ్రీరంగంలో అధ్యయనోత్సవం చివరి రోజున ఇది కళ్లకు కడుతుంది. పది రాత్రుల్లో తిరువాయ్‌మొళి పాడడం ముగిశాక నమ్మాళ్వార్ విగ్రహాన్ని తీసుకెళ్లి రంగనాథుడి పాదాల దగ్గర ఆనిస్తారు. పైన తులసిదళాలతో పూర్తిగా కప్పేస్తారు. అది ఆళ్వార్ మోక్షం. ఆ తర్వాత లోకం కోసం ఆళ్వారును తిరిగి ఇవ్వమని స్వామిని వేడుకుంటారు, స్వామి తిరిగి ఇస్తాడు. వ్యవసాయదారుడి ఇంటి బిడ్డ మోక్షం పొందుతుంటే వేదపండితులు చుట్టూ నిలబడి చూసే ఘట్టం అది.

ఈ కేంద్రానికి గండం కూడా వచ్చింది. 1323 ప్రాంతంలో ఢిల్లీ సేనలు శ్రీరంగం మీద పడ్డాయి. వృద్ధుడైన పిళ్లై లోకాచార్యులు ఉత్సవమూర్తిని రహస్యంగా బయటకు దాటించి, దారిలోనే కన్నుమూశారని సంప్రదాయం చెబుతుంది. ఊళ్లు మారుతూ వెళ్లిన ఆ మూర్తికి చాలాకాలం తిరుమల ఆశ్రయమిచ్చింది. అక్కడి రంగనాయకుల మండపం పేరు ఆ జ్ఞాపకమే. విజయనగర సేనాని గోపన 1371లో స్వామిని తిరిగి శ్రీరంగం చేర్చినట్టు ఆ గుడి గోడ మీదే శాసనం ఉంది.

రామానుజుల తర్వాత శిష్యుల్లో భేదాలొచ్చాయి. పిల్లి తన కూనను నోట కరచుకుని వెళ్లినట్టు భగవంతుడే జీవుణ్ణి తీసుకుపోతాడని తెంగలై వారు అన్నారు. కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు జీవుడూ కాస్త ప్రయత్నం చేయాలని వేదాంతదేశికుల దారి పట్టిన వడగలై వారు అన్నారు. ఈ చర్చ నామాల ఆకారంలోకీ, గుడి హక్కుల్లోకీ పాకింది. కంచి వరదరాజస్వామి కోవెలలో ప్రబంధ గోష్ఠి మొదలుపెట్టే ముందు ఏ ఆచార్యుడి శ్లోకం చదవాలి, గోష్ఠిలో ఎవరు పాడాలి అన్న తగవు బ్రిటిష్ కాలంలోనే కోర్టుకెక్కి, ఈ శతాబ్దంలోనూ మద్రాస్ హైకోర్టు దాకా నడిచింది. శ్రీభాష్యం రెండు వర్గాలకూ ప్రమాణమే. గొడవంతా పెరుమాళ్ల ఎదుట పాశురం ఎత్తుకునే హక్కు గురించి.