గీతలు ఒకదాన్నొకటి దాటినప్పుడు

ఊపిరితిత్తుల కేన్సర్‌కు గెఫిటినిబ్ మాత్ర మేలా, కీమోథెరపీ మేలా? తూర్పు ఆసియాలో 1,217 మంది రోగులపై జరిగిన ఐపాస్ అధ్యయనం ఈ ప్రశ్నతోనే మొదలైంది. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో ప్రధానమైన అంకె హజార్డ్ రేషియో 0.74.

దాని అర్థం ఇది: ఇంకా వ్యాధి ముదరకుండా ఉన్నవాళ్లలో, ముదరడమో మరణమో సంభవించే వేగం మాత్ర వాడినవాళ్లలో సగటున 26 శాతం తక్కువ. నూటికి 26 మంది అదనంగా బతికారని గానీ, ఆయుష్షు 26 శాతం పెరిగిందని గానీ రాస్తే తప్పు. అది వేగాల నిష్పత్తి మాత్రమే. అందుకే పక్కన కాలం కూడా చెప్పాలి.

ఇక్కడ కాలం చెప్పగానే చిక్కు బయటపడుతుంది. సగం మందికి వ్యాధి ముదరడానికో మరణానికో పట్టిన సమయం మాత్రతో 5.7 నెలలు, కీమోతో 5.8 నెలలు. అంటే తేడా లేనట్టే. కానీ ఏడాది తర్వాత వ్యాధి ముదరకుండా ఉన్నవాళ్లు మాత్ర వర్గంలో 24.9 శాతం, కీమో వర్గంలో 6.7 శాతమే.

రెండూ ఎలా నిజమయ్యాయో కప్లాన్-మేయర్ గీతలు చూపిస్తాయి. ఒక్కొక్కరికి వ్యాధి ముదిరేకొద్దీ గీత మెట్లుమెట్లుగా కిందికి దిగుతుంది. మొదటి నెలల్లో కీమో గీత పైన ఉంది. తర్వాత మాత్ర గీత దాన్ని దాటి పైకొచ్చింది. ఒక్క హజార్డ్ రేషియోతో సరిపెట్టాలంటే ఆ నిష్పత్తి మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండాలి. గీతలు దాటుకున్నాయంటే అలా లేదన్నమాట.

కారణం జన్యువులో ఉంది. కణితి నమూనా పరీక్షకు పనికొచ్చిన 437 మందిలో ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్నవాళ్లకు హజార్డ్ రేషియో 0.48, లేనివాళ్లకు 2.85. మొదటివాళ్లకు మాత్ర వ్యాధి వేగాన్ని సగానికి తగ్గిస్తే, రెండోవాళ్లకు కీమోతో పోలిస్తే ఆ వేగం దాదాపు మూడింతలైంది.

కాబట్టి జర్నల్‌కు ఇలా రాయాలి: “మొదటి నెలల్లో కీమోథెరపీ, తర్వాత గెఫిటినిబ్ మెరుగ్గా కనిపించాయి. ఏడాదికి వ్యాధి ముదరనివారు 24.9 శాతం, 6.7 శాతం. మొత్తం మీద హజార్డ్ రేషియో 0.74 (95 శాతం విశ్వాస అవధి 0.65 నుంచి 0.85). అయితే జన్యుమార్పును బట్టి ఫలితం తారుమారైంది.” గీతల కింద ప్రతి కొన్ని నెలలకూ ఇంకా ఎందరు లెక్కలో మిగిలారో ఇవ్వాలి. చివర్లో కొద్దిమందే మిగిలితే, ఆ భాగం ఒకరిద్దరి వల్లే కిందికి జారిపోవచ్చు.

0.74 ఒక్కటే చదివిన వైద్యుడు మాత్రను అందరికీ రాసేవాడు. గీతలూ, వర్గాలూ కూడా చదివిన వైద్యుడు ముందు జన్యుపరీక్ష చేయిస్తాడు.