గోదాము నేల ఎంత మోస్తుంది?

మేడ్చల్, శంషాబాద్ వైపు గోదాము అద్దెకు తీసుకునేవారు ముందు చూసేది కప్పు ఎత్తు. అద్దె చదరపు అడుగు లెక్కన కడతారు కాబట్టి, ఎంత ఎత్తుకు సరుకు పేరిస్తే అంత లాభం. కానీ ఆ బరువంతా దిగేది నేల మీదికే.

ఒప్పందంలో ‘చదరపు మీటరుకు 5 టన్నులు’ అని రాస్తే, అది బరువు సమంగా పరుచుకున్నప్పటి లెక్క. ర్యాకు బరువు అలా పరుచుకోదు, కాళ్ల మీదే నిలుస్తుంది. నేలకు పైన నాలుగు అరలు, ఒక్కో అరలో టన్ను బరువున్న ప్యాలెట్లు రెండు అనుకుందాం. గడికి 8 టన్నులు. వరుస మధ్యలోని ప్రతి ఫ్రేమూ ఇరుపక్కల గడుల్లో సగం చొప్పున మోస్తుంది కాబట్టి దాని మీదా 8 టన్నులే. ఫ్రేముకు కాళ్లు రెండు. అంటే అరచేయంత ఇనుప పలక మీద 4 టన్నులు! రెండు ర్యాకులను వీపు కలిపి నిలబెడితే, పక్కపక్కనే మరో 4 టన్నులు.

కాంక్రీటు పలచనైనా, కింద మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోయినా ముందు పలకల చుట్టూ పగుళ్లు వస్తాయి. తర్వాత నేల కుంగుతుంది. కింద కొద్దిపాటి కుంగుబాటే పైఅర దగ్గర పెద్ద ఒరుగుదల అవుతుంది. తూకపు గుండు వేలాడదీస్తే అది తేలిగ్గా బయటపడుతుంది.

అందుకే సంతకానికి ముందే ఒక్కో కాలికి ఎంత బరువు పెట్టవచ్చో ఒప్పందంలో రాయించుకోవాలి, నేల డిజైను పత్రాన్ని జతచేయించుకోవాలి. నేల కుంగితే మరమ్మతు ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తేల్చుకోవాలి.