హెడ్మాస్టారి కళ్ళు తెరుచుకున్న ఫొటో

మా పదో తరగతి గ్రూప్ ఫొటోలో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి. 1989 నాటి నలుపు తెలుపు ఫొటో. తలకి ఆముదం, ముఖానికి పౌడరు, క్లాసంతటికీ ఒకే దువ్వెన. ఇంత ముస్తాబూ చేసుకున్నది నిద్రపోతున్నట్టు పడటానికా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

తప్పు నాది కాదు, రోలుది. అప్పట్లో స్టూడియోవాళ్ళు తల వంచి పైనుంచి చూసే పెట్టె కెమెరా తెచ్చేవారు. దానిలో వేసే 120 రోలుకి పన్నెండే ఫొటోలు. క్లాసుకి రెండు చొప్పున తీస్తే ఆరు క్లాసులకి సరి. పైగా దాని అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కాస్త కంగారుపడ్డ ఫొటోగ్రాఫరు "ఎడమకి జరుగు బాబూ" అంటే, జరిగినవాడు ఫ్రేములోంచే పోయేవాడు. డ్రిల్లు మాస్టారు బెత్తంతో వాణ్ణి మళ్ళీ లోపలికి తెచ్చేవారు.

పొట్టివాళ్ళు కింద జంపఖానా మీద, మధ్యలో ఒకడి ఒళ్ళో క్లాసూ సంవత్సరమూ రాసిన పలక. కుర్చీల్లో అయ్యవార్లు, వెనక నిలబడేవాళ్ళు, ఆ వెనక బెంచీలెక్కిన పొడుగువాళ్ళు. "రెప్ప వెయ్యకండి, ఒకటి, రెండు..." అనగానే యాభైమందిమీ గుడ్లు మిటకరించేవాళ్ళం. అలా బిగబట్టిన కళ్ళలో నీళ్ళు తిరిగి, సరిగ్గా "మూడు" దగ్గర ఎవరో ఒకరికి రెప్ప పడేది.

రెండిట్లో ఏది కడగాలన్నది హెడ్మాస్టారి కళ్ళని బట్టే. మా రెండో ఫొటోలో పిల్లలంతా బ్రహ్మాండంగా ఉన్నారట, ఆయనొక్కరే తుమ్ముతున్నారట. అది అక్కడితో సరి.

విడి ఫొటో అయితే నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దేవాళ్ళు. నెగటివ్‌లో నల్లగా గీసింది ఫొటోలో తెల్లగా వస్తుంది కనుక మచ్చలూ ముడతలూ మాయమయ్యేవి. గ్రూప్ ఫొటోకి ఆ వైద్యం కుదరదు. ఆరు సెంటీమీటర్ల లోపు నెగటివ్‌లో వరసకి పన్నెండుమంది ఉంటే ఒక్కో తల ఆవగింజంత. అందులో కన్నెక్కడ గీస్తారు?

అయితే ఈ ఫొటోలకి ఆయుష్షు గట్టిది. బాగా కడిగిన నలుపు తెలుపు బొమ్మలో ఉండేది వెండి. తరవాతి బ్యాచీల రంగుల ఫొటోల్లో ఉండేవి అద్దకాలు, అన్నీ ఒకేలా వెలిసిపోవు. అందుకే చాలా వాటిలో మాస్టార్ల తెల్లచొక్కాలు కూడా ఎర్రబారిపోయాయి.

ఫ్రేము కట్టించినవాళ్ళు ఒకసారి దగ్గరగా చూడండి. వానాకాలపు చెమ్మకి ఫొటో పైపొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. అక్కడ తడి మచ్చలా మెరుస్తుంది. పీకితే ముఖాలు అద్దంతో పోతాయి. ముందు అద్దంమీంచే, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుని, ఒక ఫొటో తీసి పెట్టుకోండి. విడిగా ఉన్న ఫొటో వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను గీత ముందువైపు ఉబ్బుతుంది. పేర్లు గుర్తు రాకపోతే ఫోన్ చెయ్యండి, ప్రతి బ్యాచీలోనూ హాజరుపట్టీ మొత్తం కంఠతా వచ్చినవాడు ఒకడుంటాడు.