గీతగా మొదలై లోగోగా నిలిచేదాకా

టీవీ కార్యక్రమం మొదట్లోనో, యూట్యూబ్ వీడియో చివర్లోనో ఒక గీత తనంతట తానే గీసుకుంటూ వచ్చి, చూస్తుండగానే సంస్థ గుర్తుగా మారుతుంది. ఆ గుర్తు మొత్తం ఒక పక్కకు జరుగుతుంది, ఖాళీ అయిన చోట పేరు వచ్చి కూర్చుంటుంది. దీన్ని లోగో రివీల్ అంటారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దీన్ని రెండు పనిముట్లతో తయారు చేయవచ్చు. గీత గీసుకునేలా చేసేది ట్రిమ్ పాత్స్. విడివిడిగా ఉన్న ముక్కలన్నిటినీ ఒక్కటిగా నడిపేది నల్ ఆబ్జెక్ట్. దేని పని దానిదిగా ఉంచితే తరవాత మార్పులు చేయడం తేలికవుతుంది.

ఉదాహరణకు ఒక టీ కొట్టు లోగో తీసుకుందాం. 400 పిక్సెళ్ల వ్యాసమున్న వలయం, దాని లోపల కప్పు, కప్పు మీద మెలికలు తిరిగిన ఒక ఆవిరి గీత, పక్కన ‘చాయ్’ అన్న పేరు. తెర కొలత 1920×1080, వేగం సెకనుకు 25 ఫ్రేములు, నిడివి 3 సెకన్లు, అంటే 75 ఫ్రేములు. వలయం, కప్పు, ఆవిరి, పేరు, ఈ నాలుగూ నాలుగు వేరు వేరు లేయర్లు. వలయం సరిగ్గా తెర మధ్యలో, అంటే 960, 540 దగ్గర ఉంది. ఆవిరి గీత ఎత్తు 120 పిక్సెళ్లు, దాని మధ్యబిందువు వలయ కేంద్రానికి 100 పిక్సెళ్ల పైన ఉంది.

ముందుగా ఆవిరి గీత. దాన్ని పెన్ టూల్‌తో షేప్ లేయర్‌గా గీసి, ఫిల్ తీసేసి స్ట్రోక్ మాత్రమే ఉంచాలి. ఫిల్ ఉంటే గీతతో పాటు దాని వంపుల్లోని రంగు కూడా ముక్కలుగా తెగి కనిపిస్తుంది. లేయర్‌లోని Add మెనూ నుంచి Trim Paths చేర్చితే Start, End, Offset అనే మూడు విలువలు వస్తాయి. గీత ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కనిపించాలో మొదటి రెండూ శాతాల్లో చెబుతాయి. End విలువకు 18వ ఫ్రేములో 0, 33వ ఫ్రేములో 100 కీ ఫ్రేములు పెడితే, ఆ పదిహేను ఫ్రేముల్లో గీత పూర్తిగా గీసుకుంటుంది.

గీత ఏ కొస నుంచి మొదలవుతుందన్నది పెన్‌తో మొదటి చుక్క ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. పైనుంచి గీసుకుంటూ వచ్చి ఉంటే ఆవిరి కప్పులోకి దిగుతున్నట్టు కనిపిస్తుంది. దానికోసం గీతను మళ్లీ గీయనక్కర్లేదు. End విలువను 100 దగ్గరే ఉంచి, Start విలువను 100 నుంచి 0కి తెస్తే గీత రెండో కొస నుంచి పెరుగుతూ వస్తుంది. వలయం సంగతి కొంచెం వేరు. ఎలిప్స్ టూల్‌తో గీసిన వృత్తం గడియారంలో 12 ఉండే చోట మొదలవుతుంది. అది కింది నుంచి మొదలవ్వాలంటే Offset విలువను 180 డిగ్రీలు చేస్తే చాలు. వలయం 0 నుంచి 20వ ఫ్రేము దాకా గీసుకుంటుంది. కప్పుకు గీతతో పని లేదు. దాని యాంకర్ పాయింటును అడుగు అంచుకు తెచ్చి, 12 నుంచి 22వ ఫ్రేము దాకా స్కేలును 0 నుంచి 100కి పెంచితే, అడుగు కదలకుండా కప్పు పైకి లేస్తుంది.

ఇప్పుడు ఈ మూడు ముక్కలూ కలిసి చిన్నవై, ఎడమకు జరిగి, పేరుకు చోటివ్వాలి. 40 నుంచి 52వ ఫ్రేము లోపల లోగో 60 శాతానికి తగ్గాలనుకుందాం. ఒక్కో లేయర్‌కూ విడిగా స్కేలు తగ్గిస్తే ఏమవుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. వలయం వ్యాసార్ధం 200 నుంచి 120 పిక్సెళ్లకు వస్తుంది. ఆవిరి గీత తన మధ్యబిందువు చుట్టూ ముడుచుకుని 72 పిక్సెళ్ల ఎత్తుకు తగ్గుతుంది. అయితే దాని మధ్యబిందువు మాత్రం కేంద్రానికి 100 పిక్సెళ్ల పైనే ఉండిపోతుంది. దాంతో గీత పైకొస 136 పిక్సెళ్ల ఎత్తులో, అంటే వలయం దాటి 16 పిక్సెళ్లు బయటకు పొడుచుకు వస్తుంది. ముక్కలు చిన్నవయ్యాయి గాని వాటి మధ్య దూరాలు తగ్గలేదు.

ఈ దూరాలను కూడా తగ్గించేది నల్. Layer > New > Null Object అంటే ఒక లేయర్ వస్తుంది. పని చేసేటప్పుడు అది చిన్న చతురస్రంలా కనిపిస్తుంది గాని, తయారైన వీడియోలో ఏమీ కనిపించదు. దానికి స్థానం, స్కేలు, భ్రమణం ఉంటాయి. చతురస్రం ఎడమ పై మూలే దాని యాంకర్ పాయింటు. కాబట్టి ఆ మూలను వలయ కేంద్రం మీదికి చేర్చాలి. ఆ తరవాత వలయం, కప్పు, ఆవిరి మూడింటినీ Parent & Link వరుసలోని చుట్ట గుర్తును లాగి నల్‌కు జత చేయాలి. ఇప్పుడు ఆవిరి స్థానం 960, 440 బదులు 0, -100 అని కనిపిస్తుంది. అంటే దాని చోటును ఇకమీదట తెర మూల నుంచి గాక నల్ నుంచి కొలుస్తున్నారన్నమాట. నల్ 60 శాతానికి తగ్గితే ఆ 100 పిక్సెళ్ల దూరం కూడా తెర మీద 60 అవుతుంది. గీత పైకొస 96 దగ్గర ఆగుతుంది, 120 పిక్సెళ్ల వలయం లోపలే ఉంటుంది.

జత చేసే సమయం కూడా ముఖ్యమే. జత చేసిన క్షణంలో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ముక్కను ఉన్నది ఉన్నట్టే కనిపించేలా చూస్తుంది. నల్ అప్పటికే 60 శాతం దగ్గర ఉంటే, ముక్క కదలకుండా ఉండటానికి దాని స్కేలును దాదాపు 167గా మారుస్తుంది. తరవాత మొదటి ఫ్రేముకు వెళ్లి చూస్తే, నల్ 100 దగ్గర ఉన్న చోట ముక్క ఉబ్బిపోయి కనిపిస్తుంది. జత చేసిన వెంటనే ఏదైనా ముక్క స్కేలు 100 కాకుండా వింత అంకె చూపిస్తే కారణం ఇదే. అందుకే నల్‌కు కీ ఫ్రేములు పెట్టకముందే జత చేయాలి. కప్పు స్కేలు మొదట 0 కాబట్టి, ఈ పరీక్షను అది 100కి చేరిన ఫ్రేములో చేయాలి.

ఇక కదలిక. నల్ స్థానాన్ని 40వ ఫ్రేములో 960 నుంచి 52వ ఫ్రేములో 640కి, స్కేలును 100 నుంచి 60కి మార్చాలి. ఆ నాలుగు కీ ఫ్రేములకూ F9 నొక్కితే కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. లోగో ఇంకొంచెం ఆలస్యంగా జరగాలని ఎవరైనా అడిగితే, ఈ నాలుగింటినీ ముందుకు జరిపితే సరిపోతుంది. ఆవిరి ఇంకా ఆలస్యంగా లేవాలంటే దాని ట్రిమ్ కీ ఫ్రేములు రెండింటిని జరిపితే చాలు. ట్రిమ్ పాత్స్ గీత మీద పని చేస్తుంది, నల్ లేయర్ ఉండే చోటు మీద పని చేస్తుంది. అందువల్ల గీత ఇంకా గీసుకుంటుండగానే లోగో జరిగినా దేనికీ ఇబ్బంది ఉండదు.

పేరు దగ్గర మాత్రం ట్రిమ్ పాత్స్ అనుకున్నట్టు పని చేయదు. ‘చాయ్’ అని టైపు చేసి Create Shapes from Text అంటే అక్షరాల అంచులు వస్తాయి. ‘చ’ను కలంతో ఒక్క మెలికగా రాస్తాం. ఫాంటులో మాత్రం అది మందమైన ఆకారం, దాని చుట్టూ మూసుకున్న అంచు గీత ఉంటుంది. దానికి ట్రిమ్ పెడితే అక్షరం రాసినట్టు ఉండదు, చుట్టూ కంచె కట్టినట్టు ఉంటుంది. రాసినట్టే కావాలంటే అక్షరం నడిమధ్య నుంచి, చేయి తిరిగే దారిలోనే, వేరే షేప్ లేయర్‌లో పెన్‌తో ఒక గీత గీయాలి. దాని స్ట్రోకును అక్షరం మందం పూర్తిగా కప్పేంత లావు చేసి, ట్రిమ్ పాత్స్ పెట్టి, దాన్ని అక్షరానికి ఆల్ఫా మ్యాట్‌గా అమర్చాలి. లావు గీత ఎంతవరకు సాగితే అక్షరం అంతవరకు బయటపడుతుంది. ఈ లావు గీత పక్క అక్షరం మీదికి పొర్లితే ఆ అక్షరం తునకలు ముందే కనిపిస్తాయి. అందుకే ఒక్కో అక్షరాన్ని వేరే లేయర్‌లో ఉంచి, దేని మ్యాట్ దానికి పెట్టాలి. పేరు 46వ ఫ్రేములో మొదలై 64కల్లా పూర్తవుతుంది. మిగతా 11 ఫ్రేములు లోగో కదలకుండా నిలిచి ఉంటుంది.

చివర్లో లోగో మెల్లగా మాయమవ్వాలంటే నల్ పారదర్శకతను తగ్గించి లాభం లేదు. జత చేసిన ముక్కలకు స్థానం, స్కేలు, భ్రమణం అందుతాయి గాని పారదర్శకత అందదు. నల్‌తో సహా అన్ని లేయర్లనూ ఎంచుకుని Pre-compose చేస్తే అవన్నీ ఒకే లేయర్‌గా మారతాయి. పారదర్శకతకు కీ ఫ్రేములు ఆ లేయర్ మీద పెట్టాలి.